మేడం మాట్లాడితే గీత పడుకుంది

ఆమెకి ఒక పేరుంది. కానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఊరందరికీ ఆమె పక్క సీటు మేడం. ముప్పై మూడేళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది. కారు ఒకటే, నేర్పేది తనొక్కతే. ఊళ్లో స్టీరింగ్ పట్టుకున్న ప్రతి ఇద్దరిలో ఒకళ్లు ఆమె చేత తిట్లు తిన్నవాళ్లే. డాక్టరుగారు తిన్నారు, బ్యాంకు మేనేజరు తిన్నాడు, అంబులెన్స్ నడిపే అతనైతే రెండు నెలలు తిన్నాడు.

ఆ కారుకి బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది మేడం కాలి కింద. "నీ బ్రేకు నీ ప్రాణం కోసం, నా బ్రేకు రోడ్డు మీద జనం కోసం" అని మొదటి రోజే చెప్పేస్తుంది. ఆ రెండో బ్రేకు అంటే ఆమెకి మహా గర్వం. ముప్పై మూడేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా అనవసరంగా తొక్కలేదని చెప్పుకుంటుంది. ఎవరైనా "నిజమా మేడం?" అని అడిగితే "నా కాలికి కళ్లున్నాయి" అంటుంది.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు: "జన్మంతా ఒకడి పక్క సీట్లోనే కూర్చోమంటే నా వల్ల కాదమ్మా. నాకు గంటకొకళ్లు మారాలి." విన్నవాళ్లు నోరు తెరుచుకుని ఉండగానే ఈవిడ కారెక్కి వెళ్లిపోతుంది. కింద స్కూలు ఆఫీసు, పైన రెండు గదుల ఇల్లు. అంతే సంసారం.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. కారెక్కగానే ఫోన్ కట్టేసి, డాష్‌బోర్డు అరలో పడేసి మూత వేస్తుంది. తనదీ, నేర్చుకునేవాళ్లదీ. పాఠం అయ్యేదాకా దేవుడు ఫోన్ చేసినా అంతే. ఈ అలవాటే తర్వాత కొంప ముంచింది.

ఆమెకి ఒక చెల్లెలుంది. గంటన్నర దూరంలో ఇంకో ఊరు, అక్కడ లైబ్రరీలో ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా అక్కాచెల్లెళ్లకి మాటల్లేవు. దానికి కారణం కూడా ఆ రెండో బ్రేకే.

అప్పుడు చెల్లి అక్క దగ్గరే కారు నేర్చుకుంటోంది. బాగానే పట్టు వచ్చింది. ఒక ఆదివారం వెనక సీట్లో మొగుణ్ణీ, అత్తగారినీ, ఆడపడుచునీ కూర్చోబెట్టుకుని, తన ప్రతాపం చూపిద్దామని బయల్దేరింది. కూడలి దగ్గర పక్క సందులోంచి ఒక సైకిలు వచ్చింది. ధడేలుమని బ్రేకు పడింది. అత్తగారి కళ్లజోడు ఎగిరి ముందు సీట్లో పడింది. మేడం అంతమంది ముందే "నీకు ఈ జన్మకి స్టీరింగ్ రాదే, బస్సెక్కు నువ్వు!" అంది. చెల్లి హ్యాండ్‌బ్రేక్ వేసింది, ఇంజను ఆపింది, తాళంచెవి అక్క ఒళ్లో పెట్టింది, దిగి నిజంగానే వెళ్లి బస్సెక్కింది. కారాపిన పద్ధతి మాత్రం పుస్తకంలో రాసినట్టు ఉందని మేడంకి అప్పుడే అనిపించింది. కానీ అనలేదు.

అసలు సంగతేంటంటే, ఆ రోజు సైకిల్ని చెల్లి ముందే చూసింది. కాలు అప్పటికే బ్రేకు మీదికి పోతోంది. మేడమే అటు తిరిగి వేరే డ్రైవింగ్ స్కూలు వాళ్ల కొత్త బోర్డు చదువుతోంది. తల తిప్పేసరికి సైకిలు కనబడింది, కంగారుపడి తొక్కేసింది. ముప్పై మూడేళ్లలో అనవసరంగా తొక్కిన బ్రేకు అదొక్కటే. ఆ ఒక్కటీ ఒప్పుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అది కూడా చెల్లికి చెప్పలేదు. రేడియోలో చెప్పింది.

ఊళ్లో బ్యాంకు పైన రెండు గదుల్లో ఒక చిన్న రేడియో స్టేషను ఉంది. అక్కడి రేడియో సారు వారానికొకర్ని పిలిచి మాట్లాడిస్తాడు. ఆయన నోరు ఊరుకోదు. ఎదుటివాళ్లు ఒక మాటంటే ఈయన "ఆహా!" అంటాడు, రెండు మాటలంటే "భలే భలే!" అంటాడు. మేడంని ఇరవై ఎనిమిది నిమిషాలు మాట్లాడించాడు. నవ్వుల మధ్యలో, ఇరవై రెండో నిమిషంలో, "మీరు ఎప్పుడైనా తప్పు చేశారా మేడం?" అని మాట వరసకి అడిగాడు. మేడం ఆగిపోయింది. ఏడు సెకన్లు. రేడియోలో ఏడు సెకన్లంటే జనం సెట్టు పాడైందనుకుని కొడతారు. ఆ తర్వాత చెప్పేసింది. రేడియో సారు కూడా మొదటిసారి నోరు మూసుకుని విన్నాడు.

ప్రోగ్రాం వచ్చింది, పోయింది. ఊరంతా విన్నారు. వినాల్సిన మనిషి మాత్రం వినలేదు. ఈ రేడియో చెల్లి ఊరిదాకా అందదు.

మేడం బ్యాంకు మెట్లెక్కి రేడియో సారు దగ్గరికి వెళ్లింది. "మా చెల్లి వినాలంటే ఏం చెయ్యాలి?"

"ఆడియో ఫైలు పంపండి మేడం."

"లైబ్రరీలో కూర్చునే మనిషి. ఇరవై ఎనిమిది నిమిషాలు ఏం వింటుంది? అందులోనూ నా గొంతు వినబడగానే ఆపేస్తుంది."

"అయితే వీడియో చేయించండి. మీ ఫొటో పెట్టి, కింద మీ మాటకి తగ్గట్టు ఎగిరే గీత ఒకటి పెడతారు. మీరు గట్టిగా మాట్లాడితే గీత పైకి లేస్తుంది, మెల్లగా మాట్లాడితే దిగుతుంది. ముఖ్యమైన ముక్క ఒక నిమిషం కోసి గ్రూపులో పెడితే, బొమ్మ కదుల్తోంది కదా అని ఎవరైనా ఒక క్షణం ఆగి చూస్తారు. ఒట్టి ఆడియో ఎవరూ నొక్కరు." ఇలా చెప్పి పెన్‌డ్రైవులో రికార్డింగు ఎక్కించి ఇచ్చాడు. "ఇది కలపని ఫైలు మేడం. నా మైకు ఎడమ పక్క, మీ మైకు కుడి పక్క విడివిడిగా ఉంటాయి. చేసేవాళ్లకి చెప్పండి" అన్నాడు.

మేడం ఆ ముక్క మెట్లు దిగేలోపే మర్చిపోయింది. ఎడమ, కుడి అనే మాటలు రోజుకి వెయ్యిసార్లు అనే మనిషికి ఇంకో రెండు ఏం గుర్తుంటాయి?

పెన్‌డ్రైవు పట్టుకుని రివర్స్ దగ్గరికి వెళ్లింది. రివర్స్ అంటే రోడ్డుకి అవతల ఫొటో స్టూడియో నడిపే అతను. నలభై దాటాయి. మేడం దగ్గరే కారు నేర్చుకున్నాడు. రివర్స్ గేరు నేర్పిన రోజున స్కూలు బోర్డుని గుద్దేశాడు. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, ఆ పేరూ ఉంది. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లి వీడియోలు, పుట్టినరోజుల వీడియోలు, పోయినవాళ్లని తలుచుకునే వీడియోలు, అన్నీ అతనే చేస్తాడు.

"గీత వీడియోనా? చిటికెలో పని మేడం" అన్నాడు రివర్స్, ఆనందంగా.

"నీ చిటికెలు నాకు తెలుసు. నా బోర్డుని అడుగు."

"అబ్బా, ఇరవై ఏళ్లయింది మేడం!"

"సొట్టకి వయసేంటి?"

పని మాత్రం శ్రద్ధగా చేశాడు, కాదనలేం. ఫోన్లో బాగా కనబడాలని వీడియోని చదరంగా పెట్టాడు. మేడం ఇచ్చిన ఫొటోలు నాలుగు. ఒకటి ఎర్రబారింది, ఒకటి పచ్చబడింది, ఒకటి వెలిసిపోయింది, ఒకటి కొత్తది. నాలుగూ ఒక తీరుగా ఉండాలని అన్నిటినీ బ్లాక్ అండ్ వైట్ చేసేశాడు. ఫొటో కదలకుండా ఉంటే చూడబుద్ధి కాదని, మెల్లమెల్లగా దగ్గరికి వస్తున్నట్టు పెట్టాడు. వెనకాల ఖాళీగా ఉందని మబ్బులు పెట్టాడు. స్కూలు పెట్టి ఎన్నాళ్లయిందో జనానికి తెలియాలి కదా అని ఫొటో కింద 1991 – 2024 అని వేశాడు. ఆ కింద తెల్ల గీత, అదే ఎగిరే గీత.

ప్రతి పనికీ ఒక మంచి కారణం ఉంది. మనిషి మంచివాడు. అన్నీ కలిపితే ఏమైందో మాత్రం చూసుకోలేదు.

గీత పెట్టేటప్పుడు కంప్యూటరు ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ గీత ఏ శబ్దాన్ని బట్టి ఎగరాలి, ఎడమదా, కుడిదా, రెండూనా? మామూలుగా అతని దగ్గరికొచ్చే పాటల్లో రెండు పక్కలా ఒకటే శబ్దం ఉంటుంది. ఏది పెట్టినా ఒకటే. కాబట్టి అతను దాని జోలికి పోలేదు. ముందు నుంచీ ఎడమ అని ఉంది, అలాగే వదిలేశాడు. రెండు స్పీకర్లూ ఒకదాని పక్కన ఒకటి ఒకే బల్ల మీద అతుక్కుని ఉంటాయి, ఎవరి గొంతు ఎటు నుంచి వస్తోందో ఎవరికి తెలుస్తుంది?

మొదటి అరనిమిషం ఆడించి చూపించాడు. రేడియో సారు "నమస్కారం! ఈరోజు మనతో ఉన్నది..." అని మొదలుపెట్టగానే గీత పాములా లేచి నాట్యం చేసింది.

"భలే ఉందిరా!" అంది మేడం. "నేను మాట్లాడేది కూడా చూపించు."

"నా కంప్యూటరు ముసలిది మేడం, ముందుకి జరిపితే ఆగి ఆగి ఆడుతుంది, మీకు చిరాకేస్తుంది. తయారయ్యాక ఫోన్లో చూసుకోండి. మీ గొంతుకి గీత తెర దాటి గోడ మీద ఎగరకపోతే అడగండి."

మర్నాడు పొద్దున పదింటికి ఇరవై రెండో నిమిషం ముక్క, సరిగ్గా అరవై సెకన్లు, మేడం ఫోన్లోకి వచ్చింది. మేడం దాన్ని చూడలేదు. చూసే ధైర్యం లేదు. తన తప్పు తన గొంతుతోనే మళ్లీ వినాలంటే ఎవరికి మాత్రం ఉంటుంది? చెల్లీ, మరిదీ, అత్తలూ, పిన్నులూ అందరూ ఉన్న ఫ్యామిలీ గ్రూపు తెరిచింది. పైన ఏదైనా రాద్దామనుకుంది. 'వినవే' అని రాసి కొట్టేసింది. 'ఒకసారి చూడండి' అని రాసి అదీ కొట్టేసింది. చివరికి ఏమీ రాయకుండా వీడియో ఒక్కటే పంపేసి, కారెక్కింది. ఫోన్ కట్టేసింది. అరలో పడేసింది. మూత వేసింది. ఆ రోజు పాఠాలు రెండు, వెంటవెంటనే.

ఇక్కడ ఇది జరుగుతుంటే అక్కడ లైబ్రరీలో చెల్లి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆ బల్ల మీద 'నిశ్శబ్దం పాటించండి' అని పెద్ద బోర్డు. అది రాయించింది తనే. కాబట్టి ఫోన్ ఎప్పుడూ శబ్దం లేకుండానే ఉంటుంది. వీడియో వచ్చింది. తొమ్మిదేళ్లుగా గ్రూపులో ఒక్క మాట రాయని అక్క ఫోన్ నుంచి వచ్చింది.

తెరిచింది. మబ్బులు. మబ్బుల్లో అక్క, బ్లాక్ అండ్ వైట్‌లో, నవ్వుతూ మెల్లగా దగ్గరికొస్తోంది. కింద 1991 – 2024. దాని కింద ఒక తెల్ల గీత. గీత ఒక్కసారి టక్కున లేచింది. అది రేడియో సారు "తప్పు చేశారా మేడం?" అన్నది. తర్వాత పడుకుంది. తిన్నగా, నున్నగా, ఆసుపత్రి మిషను మీద గీతలా. అక్కడి నుంచి అరవై సెకన్లు అయిపోయేదాకా మళ్లీ లేవలేదు.

చెల్లి తను రాయించిన బోర్డు ముందే గొల్లుమంది.

గ్రూపులో ఒక అత్త 'అయ్యో ఎప్పుడు?' అని పెట్టింది. ఒక పిన్ని 'నిన్ననేగా కూరగాయల దగ్గర కనిపించింది' అంది. ఒక బాబాయ్ 'వీడియో బాగా చేశారు' అన్నాడు. మేడం 91లో పుట్టడమేంటి అని ఒక్కళ్లకీ అనుమానం రాలేదు. ఏడుపులో లెక్కలెవరు చూస్తారు? ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. పదిసార్లు చేసినా స్విచ్ ఆఫ్. ఇది చాలదన్నట్టు రివర్స్ తను చేసిన పని చూసి మురిసిపోయి, అదే ముక్కని తన స్టూడియో స్టేటస్‌లో పెట్టుకున్నాడు. పెట్టి, తలుపులేసి, ఒక స్కూల్లో పిల్లల గ్రూపు ఫొటోలు తియ్యడానికి వెళ్లిపోయాడు.

పన్నెండున్నరకి మేడం రెండో పాఠం ముగించి వచ్చేసరికి స్కూలు ముందు ఇరవై మంది ఉన్నారు. డాక్టరుగారు, బ్యాంకు మేనేజరు, అంబులెన్స్ అతను, అందరూ పాత విద్యార్థులే. అందరూ బళ్లు వరసగా, తెల్లగీత దాటకుండా పెట్టుకున్నారు. అది చూసి మేడంకి ముందు సంతోషమేసింది. బేకరీ ఆయన చేతిలో పూలగుత్తి ఉంది. కారు దిగిన మేడంని చూసి ఆయన పూలు వీపు వెనక దాచాడు.

"ఏంటయ్యా అందరూ వచ్చారు? ఎవరు పోయారు?"

అంబులెన్స్ అతనే కాస్త ధైర్యం చేసి, "మీరే మేడం" అన్నాడు.

"నేనా? ఎప్పుడు?"

"పొద్దున పదింటికి."

"పదింటికి నేను క్లచ్ నేర్పుతున్నాను కదయ్యా!"

బ్యాంకు మేనేజరు తన ఫోన్ తీసి చూపించాడు. మేడం మొదటిసారి ఆ వీడియో చూసింది. గీత టక్కున లేచి పడుకోవడం చూసింది. ఒక నిమిషం తన ముఖాన్నే మబ్బుల్లో చూసుకుంది. "ఒరేయ్ రివర్స్!" అని ఆమె పెట్టిన కేకకి, అప్పుడే స్కూటరు మీద వస్తున్న రివర్స్ అవతలి పక్కనే ఆగిపోయాడు.

"మేడం, నచ్చిందా?" అన్నాడు అక్కణ్ణుంచే.

"నువ్వు బోర్డుని గుద్దావంటే అర్థముంది. నన్ను గుద్దేశావు కదరా!"

ఆ కేకల్లో ఎవరూ గమనించలేదు. వీధి మలుపు తిరిగి ఒక చిన్న తెల్ల కారు వచ్చింది. స్కూలు ముందు ఖాళీ లేదు, ఇద్దరి బళ్ల మధ్య కారంత సందు ఒకటుంది, అంతే. ఆ కారు సందు దాటి ముందుకెళ్లి ఆగింది, సిగ్నల్ వేసింది, వెనక్కి వచ్చింది, ఒక్కసారి తిప్పింది, ఒక్కసారి సరిచేసింది, జానెడు దూరంలో గట్టుకి సమంగా నిలబడింది. మేడం తిట్టడం ఆపేసింది. తన ముప్పై మూడేళ్లలో అంత నున్నటి పార్కింగు నాలుగో అయిదో చూసి ఉంటుంది.

"ఎవరది? ఎవరు నేర్పారు?" అంది.

కారు తలుపు తెరుచుకుంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడిన చెల్లి దిగింది. ఇటుపక్క నుంచి మరిది దిగాడు. దారంతా పైనున్న పిడి పట్టుకుని వచ్చినట్టున్నాడు, చెయ్యి ఇంకా పైకే ఉంది.

చెల్లి అక్కని చూసింది. ఏడుపు ఆగింది. ముఖం మారింది.

"నువ్వు చావలేదా?"

"లేదే."

"నేను గంటన్నర ఏడుస్తూ వచ్చానే! కళ్లు కనబడక రెండుసార్లు పక్కకి ఆపాను!"

"ఆపితే మంచిదే, ఏడుస్తూ నడపకూడదు. సిగ్నల్ వేసి ఆపావా?"

"అక్కా!"

"వదినగారూ," అన్నాడు మరిది చెయ్యి దించుకుంటూ, "సిగ్నల్ వేసే ఆపింది. నేను సాక్షి."

"నీకు కారు ఎప్పుడొచ్చిందే?" అంది మేడం.

"నువ్వు బస్సెక్కమన్న నెలకే. వేరేచోట నేర్చుకున్నాను. మొదటిసారే టెస్టు పాసయ్యాను. నీకు చెప్తానా?" అని చెల్లి వెనక్కి తిరిగింది. "పదండి, వెళ్దాం. బతికే ఉందిగా."

మేడం ముప్పై మూడేళ్లుగా వేలమందిని "ఆగు!" అని ఆపింది. ఇప్పుడు ఆ మాట నోట్లోంచి రాలేదు. చెల్లి తాళంచెవి పెట్టి తిప్పబోతోంది. మేడం వెళ్లి కారు కిటికీ పట్టుకుంది.

"ఆ వీడియోలో నీకో మాట చెప్పానే. దాని కోసమే పంపాను."

"ఏం మాట? ఇప్పుడు చెప్పు."

మేడం నోరు తెరిచింది. ఇరవై మంది చూస్తున్నారు. ఆ మాట రేడియోలో విన్నవాళ్లే, అయినా వాళ్ల ముందు చెల్లి ముఖం చూస్తూ చెప్పడం వేరు. నోరు మూసింది.

చెల్లి అదంతా చూసింది. "ఇంతేనే నువ్వు. సరే, నోటితో వద్దు, చెప్తే మళ్లీ కొట్టుకుంటాం. ఆ వీడియోనే చూస్తాను. కానీ ఆ గీత బతికితేనే చూస్తాను. ఇంకోసారి ఆ పడుకున్న గీతని చూసే ఓపిక నాకు లేదు."

అందరి కళ్లూ రివర్స్ మీద పడ్డాయి. రివర్స్ తలుపు తీసేటప్పుడు తాళంచెవి రెండుసార్లు కిందపడింది.

స్టూడియో లోపల మనుషులు నలుగురు పడతారు, వాళ్లు నలుగురే ఉన్నారు. మేడం పాస్‌పోర్టు ఫొటోల స్టూలు మీద, చెల్లి అద్దం ముందున్న కుర్చీలో, మరిది గొడుగు లైటు కింద. రివర్స్ ఫైలు తెరిచాడు. తెర మీద శబ్దం రెండు వరసల్లో ఉంది. పై వరసలో అక్కడక్కడ చిన్న గుబ్బలు, కింది వరస నిండా కొండలే కొండలు.

"పైది రేడియో సారు," అన్నాడు రివర్స్, చెమట తుడుచుకుంటూ. "కిందది మేడం. నేను గీతని పైదానికి కట్టేశాను. ఆయన 'ఆహా' అంటే లేస్తుంది. మేడం ఎంత అరిచినా దానికి వినబడదు."

"అదే, అదే" అంది మేడం. "ఎడమ, కుడి అని చెప్పాడాయన. నేనే నీకు చెప్పడం మర్చిపోయాను."

చెల్లి తల తిప్పి అక్కని చూసింది. అక్క ఒక తప్పు అంత సులువుగా ఒప్పుకోవడం ఎప్పుడూ వినలేదు పాపం.

రివర్స్ రెండు పక్కలనీ కలిపి ఒకటి చేశాడు, గీతని ఆ కలిపినదానికి కట్టాడు. మబ్బులు తీసేశాడు. "నా కళ్ల ముందు ఆ అంకెలు ఉండకూడదు" అని చెల్లి అంటే అంకెలూ పోయాయి. నలుపూ తెలుపూ తీసేస్తే ఎర్రబారిన ఫొటో ఎర్రగానే, పచ్చబడింది పచ్చగానే వచ్చాయి.

"మాటలు కింద అక్షరాల్లో పడాలి" అంది చెల్లి. "ఫోన్లు సగం మంది శబ్దం లేకుండానే చూస్తారు. అక్షరాలుంటే పొద్దున నాకు ఈ ఏడుపే లేదు."

రివర్స్ ఒక్కో మాటా ఆపి ఆపి వింటూ టైపు చేశాడు. అందరికీ వినబడకూడదని చెవులకి హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. చెల్లి తెర వైపు చూడకుండా అద్దం వైపు తిరిగి కూర్చుంది. ఒకచోట రివర్స్ ఆగాడు. హెడ్‌ఫోను ఒక చెవి మీంచి తీశాడు.

"మేడం, ఇక్కడ ఏడు సెకన్లు ఖాళీ ఉంది. మీరేమీ మాట్లాడలేదు. గీత మళ్లీ పడుకుంటుంది. కోసేయనా? మామూలుగా కోసేస్తాం."

"కోసెయ్యి" అంది మేడం గబుక్కున.

"ఉంచు" అంది చెల్లి అద్దంలోంచే. "మా అక్క ఏడు సెకన్లు నోరు మూసుకుందంటే నేను చూడాలి."

ఆ ముసలి కంప్యూటరు వీడియో తయారు చేసేసరికి పావుగంట పట్టింది. పదిహేడు శాతం దగ్గర ఆగి, పాపం ఊపిరి పీల్చుకుంది. మరిది యాభై శాతం దగ్గర, "సగం అయింది" అన్నాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే "తెలుసు" అన్నారు.

తయారైంది. రివర్స్ ఆడించాడు.

"తప్పు చేశారా మేడం?" అన్నాడు రేడియో సారు. గీత లేచింది. తర్వాత పడుకుంది. ఒకటి, రెండు, మూడు... చెల్లి కుర్చీ అంచుకి జరిగింది. "మళ్లీ పోయిందా ఇది?" అంది. అయిదు, ఆరు, ఏడు. గీత చిన్నగా కదిలింది. ఎప్పుడూ తెర దాటి ఎగరాల్సిన మేడం గొంతు, అంత మెల్లగా.

'ఒకసారి తొక్కకూడని బ్రేకు తొక్కాను. సైకిల్ని మా చెల్లి ముందే చూసింది. నేనే చూడలేదు. ఎవరిదో బోర్డు చదువుతున్నాను. దానికి స్టీరింగ్ రాదని అందరి ముందూ అన్నాను. నా దగ్గర నేర్చుకున్న అందరికంటే అదే బాగా నడిపేది. నాకు ఆ మాట దాని ముందు చెప్పడం రాలేదు.'

గొంతు పెరిగేకొద్దీ గీత పెరిగింది. చివరి మాట దగ్గర నిజంగానే తెర అంచుని తాకింది. మేడం తన ఫొటో వైపు కాకుండా ఆ గీత వైపే చూసింది. కాస్త సిగ్గేసింది, తన లోపలిది ఎవరో బయట గీసి పెట్టినట్టు.

వీడియో అయిపోయింది. రివర్స్ ముక్కు చీదుకున్నాడు.

"నువ్వెందుకురా ఏడుస్తావు?" అంది మేడం.

"బ్రేకు విషయం మేడం. నా బోర్డు రోజున మీరు ఎందుకు తొక్కలేదో మరి."

"ఆ రోజు నీకు బుద్ధి రావాలని తొక్కలేదు."

చెల్లి బ్యాగులోంచి తన ఫోన్ తీసి, "ఆ కొత్తది నాకు పంపు. గ్రూపులో నేనే పెడతాను. అక్కా, పాతది నువ్వు తీసెయ్యి, ఆ అత్త ఇంకా ఏడుస్తూనే ఉంది" అంది. పెట్టేటప్పుడు పైన ఏం రాసిందో మేడం వంగి చూసింది. 'అక్క బతికే ఉంది. తప్పు ఒప్పుకుంది. రెండూ ఒకే రోజు.'

బయటికొస్తే జనం ఇంకా ఉన్నారు. బేకరీ ఆయన పూలు ఏం చెయ్యాలో తెలీక చెల్లి చేతిలో పెట్టాడు. చెల్లి వాటిని అక్క ఒళ్లో పడేసి, తన కారు తలుపు తెరిచింది.

"ఎక్కు. కూడలి దాకా వెళ్లొద్దాం."

మేడం అలవాటుగా పక్క సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. అద్దాలు చూసింది. చెల్లి సిగ్నల్ వేసి, వెనక చూసి, మెల్లగా బయటికి తీసింది. మేడం మాట్లాడలేదు. కళ్లు మాత్రం రోడ్డు మీదా, చెల్లి చేతుల మీదా, కాళ్ల మీదా తిరుగుతున్నాయి. తప్పు ఎక్కడా దొరకలేదు. కూడలి దగ్గర పక్క సందులోంచి ఒక సైకిలు వచ్చింది.

కారు ఎంత నున్నగా ఆగిందంటే మేడం ఒళ్లో పువ్వొక్కటి కూడా కదల్లేదు. సైకిలు వెళ్లిపోయింది. చెల్లి గేరు వెయ్యలేదు. కిందికి చూసింది. అక్క కుడికాలు నేల పట్టా మీద, అసలు బ్రేకే లేనిచోట, బలంగా తొక్కి పట్టుకుని ఉంది.

"అక్కా."

"ఆఁ?"

"కాలు తియ్యి."

మేడం తీసింది. బోలెడంత సేపటికి తీసింది, కానీ తీసింది.